ఇల్లు, ఇళ్లు: బొమ్మల జతల ఆటతో ఏకవచనం, బహువచనం

"మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మా పాపకి ఏడేళ్లు, రెండో తరగతి, ఇంగ్లీష్ మీడియం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అయినా 'చెట్టులు', 'ఇల్లులు', 'కోడిలు' అంటోంది. సరిదిద్దితే టెన్షన్ పడి నోరు మూసుకుంటోంది. బొమ్మల కార్డులతో జతల ఆట ఆడించాను. చకచకా గెలుస్తోంది కానీ మాట మాత్రం మారలేదు. ఆట ఎలా ఆడించాలి? తర్వాత చేయించడానికి ఖాళీలు నింపే చిన్న పేజీ ఎలా రాయాలి?"

అమ్మా, మీ పాప ఆ ఆట కళ్లతో గెలుస్తోంది. ఒక కార్డు మీద ఒక చెట్టు, ఇంకో కార్డు మీద మూడు చెట్లు ఉంటే ఆ రెండూ జత అని చెప్పడానికి భాష అక్కర్లేదు. తెలుగు అక్షరం ముక్క రాని పిల్లైనా ఆ జత పట్టేస్తుంది. ఎక్కడ ఏ బొమ్మ బోర్లా పడి ఉందో గుర్తుంటే చాలు. అందుకే గెలుపు పెరిగింది, మాట మారలేదు. లోపం పాపలో లేదు, ఆట నియమంలో ఉంది.

నేను ప్రైమరీ పిల్లలకి తెలుగు చెప్పిన మొదటి రెండేళ్లు ఇదే పొరపాటు చేశాను. తర్వాత ఒక్క నియమం మార్చాను. రెండు కార్డులూ తిప్పి జత దొరికినంత మాత్రాన అవి మనవి కావు. రెండు వాక్యాలు చెప్పాలి. "ఒక చెట్టు ఉంది. మూడు చెట్లు ఉన్నాయి." రెండూ సరిగ్గా చెప్పినవాళ్లే కార్డులు తీసుకుంటారు. చెప్పలేకపోతే కార్డులు మళ్లీ బోర్లా పడతాయి, వంతు పక్కవాళ్లకి వెళ్తుంది.

ఉత్త మాట కాకుండా వాక్యం ఎందుకంటే, తెలుగులో ఒకటా ఎక్కువా అన్నది రెండు చోట్ల తెలుస్తుంది. నామవాచకం చివర ఒకసారి, క్రియలో ఇంకోసారి. చెట్టు ఉంది, చెట్లు ఉన్నాయి. కాకి ఎగిరింది, కాకులు ఎగిరాయి. మీ పాప "చెట్టులు ఉన్నాయి" అంటోందా, "చెట్టులు ఉంది" అంటోందా? ఇవాళ ఒకసారి గమనించండి. "ఉన్నాయి" అంటోందంటే ఎక్కువ అన్న భావం ఆమెకి పూర్తిగా తెలుసు, క్రియ కూడా సరిగ్గా మారుస్తోంది. ఇంట్లో తెలుగు వినే పిల్లల్లో చాలామంది ఇలాగే ఉంటారు. అలాంటి పిల్లకి "ఒకటి ఉంటే ఏకవచనం, ఎక్కువ ఉంటే బహువచనం" అని మళ్లీ మళ్లీ చెప్పడం వల్ల లాభం లేదు. అది ఆమెకి తెలిసిందే.

అసలు "చెట్టులు" అన్న మాట మీ ఇంట్లో ఎవరూ అనరు కదా. ఆమె ఎక్కడా వినలేదు, తనే తయారు చేసుకుంది. చేప చేపలు, పడవ పడవలు, ఆవు ఆవులు అని విని, చివర "లు" పెట్టాలి అని తనే ఒక సూత్రం పట్టింది. సూత్రం సరైనదే. కానీ కొన్ని మాటల్లో "లు" వచ్చి చేరేముందు మాట చివర మారుతుంది. ఆ మార్పు ఇంకా పట్టుబడలేదు. ఆట అంతా ఆ మార్పు మీదే నడవాలి.

నేను మార్పుని నాలుగు గంపలుగా పెట్టుకుంటాను. పిల్లలకి గంపల సంగతి చెప్పను, కార్డులు ఎంచుకోవడానికి నాకు మాత్రమే. మొదటి గంపలో ఏ మార్పూ లేనివి: చేపలు, పడవలు, వలలు, ఆవులు, పాములు. రెండో గంపలో చివర సున్నా ఉండి, అది పోయి దీర్ఘం వచ్చేవి: గుర్రం గుర్రాలు, విమానం విమానాలు, పుస్తకం పుస్తకాలు. మూడో గంపలో చివర ఇకారం ఉకారం అయ్యేవి: కాకి కాకులు, పిల్లి పిల్లులు, కోతి కోతులు, కత్తి కత్తులు. నాలుగో గంప కష్టమైనది. ఇందులో మాట చివరి అచ్చు పోయి, మిగిలిన హల్లు "లు"తో కలిసిపోతుంది. చెట్టు చెట్లు, మెట్టు మెట్లు, గుడ్డు గుడ్లు ఒక రకం. ఇల్లు ఇళ్లు, కోడి కోళ్లు, తాడు తాళ్లు, ఊరు ఊళ్లు, రాయి రాళ్లు ఇంకో రకం. మీ పాప చెప్పిన మూడు తప్పులూ ఈ నాలుగో గంపలోవే, గమనించారా? చెట్టులు, ఇల్లులు, కోడిలు. "గుర్రంలు" అనో "కాకిలు" అనో అంటోందని మీరు రాయలేదు. అంటే మూడు గంపలు ఆమెకి వచ్చేసి ఉండవచ్చు. ఆటలో అది తేలుతుంది.

"ఇల్లులు" దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ తప్పుకి కారణం వేరు. చెట్టు, చెట్లు అన్నవి చెవికి బాగా తేడాగా వినిపిస్తాయి. ఇల్లు, ఇళ్లు అనే జతలో తేడా అంతా ల, ళ మధ్యే ఉంది. ముల్లు, ముళ్లు కూడా అంతే. మనం మాట్లాడేటప్పుడు తొందరలో ళ ని చాలాసార్లు ల లాగే పలికేస్తాం. అప్పుడు పిల్ల చెవికి ఒకటీ "ఇల్లు", పదీ "ఇల్లు". రెండూ ఒకటే అయితే ఎక్కువని ఎలా చెప్పాలి? "లు" ఇంకోసారి తగిలిస్తుంది, "ఇల్లులు" అవుతుంది. ఆమె వైపు నుంచి చూస్తే అది పూర్తిగా న్యాయమైన పని. ఇలాంటి చోట వ్యాకరణం ఎన్నిసార్లు చెప్పినా పనికిరాదు. ముందు చెవి సరిచేయాలి.

దానికి ఐదు నిమిషాల పరీక్ష ఉంది. మీ నోటికి అడ్డంగా పుస్తకం పెట్టుకుని "ఇల్లు" అనండి, కాసేపాగి "ఇళ్లు" అనండి. ఒకటి వినిపిస్తే ఒక వేలు, ఎక్కువ వినిపిస్తే అరచెయ్యి మొత్తం చూపించమనండి. ఇల్లు, ముల్లు, ఈ రెండు జతలనే కలిపి కలిపి పదిసార్లు అనండి. ఎనిమిదికి తగ్గకుండా సరిగ్గా చూపిస్తే చెవి బాగానే ఉంది. ఐదారు దగ్గరే ఆగితే ఊహించి చూపిస్తోందన్నమాట. అప్పుడు నాలుక ఎక్కడ తగులుతుందో చూపించండి. ల అన్నప్పుడు నాలుక కొన పైపళ్ల వెనక ఆనుతుంది. ళ అన్నప్పుడు కొన వెనక్కి మడత పడి అంగిలికి తగులుతుంది. అద్దం ముందు కూర్చోబెట్టి నోరు కొంచెం తెరిచి "ళ, ళ" అనిపిస్తే నాలుక అడుగు భాగం కనిపిస్తుంది. పిల్లలకి అది చూడడం సరదా. మూడు నాలుగు రోజులు, రోజుకి రెండు నిమిషాలు చాలు. మీరు కూడా ఆ రోజుల్లో ఇంట్లో ళ ని గట్టిగా పలకండి. కళ్లు, కాళ్లు, నీళ్లు, పెళ్లి. "కల్లు"కీ "కళ్లు"కీ తేడా తెలిసిన పిల్ల ఇళ్లు దగ్గర తడబడదు.

ఇక కార్డులు. కొన్న కార్డుల్లో చాలాసార్లు యాపిల్, జీబ్రా, ఇగ్లూ ఉంటాయి. వాటికి తెలుగు మాట వెతుక్కోవాలి, లేదా "యాపిల్స్" అని ఇంగ్లీషు బహువచనం వచ్చేస్తుంది. కాబట్టి సొంతంగా చేసుకోండి. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, ఆ అట్ట సరిగ్గా సరిపోతుంది. పేకముక్కంత కోసి, వెనక వైపు అన్నిటికీ ఒకే రంగు కాగితం అంటించండి. లేకపోతే వెనక ఉన్న పువ్వుల డిజైను చూసి కార్డు గుర్తుపట్టేస్తారు. బొమ్మ చక్కగా రానక్కర్లేదు, పాప చేతే వేయించండి. ఫిషింగ్ హార్బర్‌లో పడవలు, వలలు, బీచ్ ఒడ్డున రాళ్లు, సింహాచలం మెట్లు, కొండవాలు మీద ఇళ్లు, ఇవన్నీ ఆమె చూసినవే. చూసిన వస్తువు పేరు వెతుక్కోకుండా నోటికొస్తుంది, అప్పుడు దృష్టంతా మాట చివర మీద పెట్టగలదు.

ఒక కార్డు మీద ఒక వస్తువు, జత కార్డు మీద మూడు. రెండు కాకుండా మూడు ఎందుకంటే, రెండు బొమ్మలుంటే పిల్లలు "జత" అనో "రెండూ" అనో అనేసి ఊరుకుంటారు. కన్ను, కాలు లాంటి ఒంటి భాగాలకి మాత్రం రెండే వేయండి. ఒకసారి నేను మూడు కళ్లు వేస్తే, ఒక బాబు "ఇది శివుడి కార్డు" అని పక్కన పెట్టుకున్నాడు, ఎంత చెప్పినా జతలో కలపనివ్వలేదు.

కార్డు మీద మాట రాయకండి. రాస్తే పిల్ల చదివేస్తుంది. మనకి కావలసింది మాట తనలోంచి రావడం. రాత సంగతి తర్వాత పేజీలో వస్తుంది.

ఒక ఆటకి ఆరు జతలు, అంటే పన్నెండు కార్డులు. ఏడేళ్ల పిల్లకి అంతకు మించితే ఎక్కడేముందో గుర్తుపెట్టుకోవడానికే బుర్ర సరిపోతుంది, మాట మీద ధ్యాస ఉండదు. మొదటి రోజు మొదటి రెండు గంపల నుంచి మూడేసి: చేప, పడవ, ఆవు, గుర్రం, విమానం, పుస్తకం. ఇవి ఆమెకి వచ్చినవే. కొత్త నియమం, అంటే వాక్యం చెప్పాకే కార్డు తీసుకోవడం, అలవాటు కావడానికి ఈ రోజు. రెండో రోజు కాకి, పిల్లి, కోతి, చెట్టు, మెట్టు, గుడ్డు. మూడో రోజు, చెవి పరీక్ష బాగుంటేనే, ఇల్లు, కోడి, తాడు, రాయి, వీటికి తోడు సులువైనవి రెండు, పడవ, కాకి. అన్నీ కష్టమైనవే పెడితే వరుసగా ఓడిపోతుంది, నాలుగో రోజు ఆటకి రాదు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు కష్టం, సరిదిద్దితే నోరు మూసుకోవడం. ఆటలో ఎవరూ సరిదిద్దరు. పాప "మూడు కోడిలు ఉన్నాయి" అంటే, మీరు తప్పని అనకండి, "మళ్లీ చెప్పు" అని కూడా అనకండి. కార్డులు బోర్లా తిప్పి, తిప్పుతూ మామూలు గొంతుతో "మూడు కోళ్లు ఉన్నాయి" అని మీరే ఒకసారి అని, మీ వంతు ఆడండి. ఆ జత ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. మీరు దాన్ని వెంటనే తీసేసుకోకండి, ఇంకోటి తిప్పండి. తన వంతు వచ్చేసరికి ఆ కార్డులు ఆమెని పిలుస్తుంటాయి. గెలవాలంటే "కోళ్లు" అనాలి, పది క్షణాల కిందట ఆ మాట విన్నది. ఎక్కువమంది పిల్లలు అప్పుడు సరిగ్గా అంటారు. ఒకే ఆటలో రెండుసార్లు తప్పితే మూడోసారి మీరు ఆ జత తీసుకుని వాక్యం చెప్పేయండి, రేపటి ఆటలో అదే జత మళ్లీ పెట్టండి.

మీరు కూడా అప్పుడప్పుడు తప్పు చెప్పవచ్చు. "ఒక కోతి ఉంది, మూడు కోతిలు ఉన్నాయి" అని కార్డులు తీసుకోబోతే, పాప పట్టుకుంటుందా చూడండి. పట్టుకుంటే కార్డులు ఆమెవి. ఇది మూడో గంప మాటలతో, అంటే ఆమెకి బాగా వచ్చినవాటితోనే చేయండి. నాలుగో గంపతో చేస్తే మీ తప్పే నేర్చుకుంటుంది.

కొన్ని బొమ్మలు ఈ ఆటలోకి అసలు తీసుకురాకండి. బడి, బండి రెండిటికీ "బళ్లు" వస్తుంది. పండుకీ పన్నుకీ "పళ్లు" వస్తుంది. అరటిపండు, నోట్లో పన్ను ఒకే ఆటలో ఉంటే గొడవే. పండు ఒక్కటే పెడితే పళ్లు అన్నా, పండ్లు అన్నా ఒప్పుకోవాలి. మన వైపు ఇళ్లల్లో పళ్లు అంటాం, పాఠ్యపుస్తకంలో పండ్లు కనిపించవచ్చు, రెండూ సరైనవే. పువ్వులు, పూలు కూడా అంతే. పాలు, నీళ్లు ఎప్పుడూ బహువచనంలోనే ఉంటాయి, వాటికి ఒక్కటి అన్న కార్డు వేయలేం. గ్లాసులో కొంచెమే ఉన్నా "పాలు ఉన్నాయి" అనే అంటాం. అబ్బాయి, అమ్మాయి, తమ్ముడు లాంటి మనుషుల కార్డులు వేరే రోజుకి ఉంచండి. అక్కడ లెక్క మాట మారిపోతుంది, క్రియా మారిపోతుంది. ఒక అబ్బాయి ఉన్నాడు, ముగ్గురు అబ్బాయిలు ఉన్నారు. పైగా "అబ్బాయిలు"లో ఇకారం ఉకారం అవదు, కాకి కాకులు అని అప్పుడే కుదురుకున్న పిల్ల అక్కడ తికమక పడుతుంది.

మూడు ఆటలూ అయ్యాక, ఒక రోజు వదిలేసి పేజీ ఇవ్వండి. ఆట అయిన వెంటనే ఇస్తే చెవిలో మోగుతున్న మాటే రాస్తుంది, నిలిచిందో లేదో మనకి తెలియదు. పేజీ రాసేటప్పుడు నేను రెండు సంగతులు చూసుకుంటాను. పైన పెట్టెలో జవాబులు ఇవ్వను. ఇస్తే అక్షరాలు పోల్చి నింపేస్తారు, మళ్లీ కళ్ల ఆటే అవుతుంది. రెండోది, కొన్ని ఖాళీలు తిరగేసి ఇస్తాను, అంటే బహువచనం చూపించి ఏకవచనం అడుగుతాను. దీని ఉపయోగం కింద చెప్తాను. మీ పాపకి ఈ పేజీ సరిపోతుంది, నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసివ్వండి.

1. ఒడ్డు మీద ఒక పడవ ఉంది. నీళ్లలో మూడు ________ ఉన్నాయి.

2. ఒక గుర్రం నిలబడింది. రెండు ________ పరుగెత్తాయి.

3. గోడ మీద ఒక పిల్లి ఉంది. గోడ కింద రెండు ________ ఉన్నాయి.

4. మా ఇంటి ముందు ఒక చెట్టు ఉంది. పార్కులో చాలా ________ ఉన్నాయి.

5. కొండ మీద ఒక ఇల్లు కనబడుతోంది. కొండ కింద చాలా ________ కనబడుతున్నాయి.

6. మామ్మ దగ్గర ఒక కోడి ఉంది. అత్త దగ్గర ఐదు ________ ఉన్నాయి.

7. బుట్టలో చాలా గుడ్లు ఉన్నాయి. పళ్లెంలో ఒక ________ ఉంది.

8. తీగ మీద కాకులు ఉన్నాయి. కిటికీ దగ్గర ఒక ________ ఉంది.

9. బీచ్‌లో పెద్ద రాళ్లు ఉన్నాయి. నా చేతిలో ఒక చిన్న ________ ఉంది.

10. మెట్ల మీద ________ కూర్చున్నాయి. (కోతి)

పదో దానిలో లెక్క మాట లేదు. మూడు, చాలా అన్న ఆసరా లేకుండా "కూర్చున్నాయి" అన్న క్రియ చూసే కోతులు అని తెలుసుకోవాలి. అది రాయగలిగితే వాక్యం మొత్తం చదువుతోందని అర్థం. "కోతి" అని అలాగే రాసేస్తే ఖాళీ ఒక్కటే చూస్తోంది. అప్పుడు ఇంకేమీ చెప్పకుండా ఆ వాక్యం పైకి చదవమనండి. "కోతి కూర్చున్నాయి" అని తన నోటితో అన్నప్పుడు చాలామంది పిల్లలు తామే ఆగిపోతారు.

మార్కులు వేయకండి. ఏ ఖాళీ తప్పిందో చూడండి, ఎన్ని అన్నది ముఖ్యం కాదు. మా తరగతిలో ఒక అమ్మాయి ఇలాంటి పేజీలోనే నాలుగు తప్పులు చేసింది. ఐదులో "ఇల్లులు", ఆరులో "కోల్లు", ఎనిమిదిలో "కాకు", తొమ్మిదిలో "రాళ్". నాలుగు తప్పులూ ఒకేలా కనిపిస్తాయి, కానీ రెండు వేరు వేరు జబ్బులు. "కోల్లు" బహువచనం తప్పు కాదు. డి పోయి రెట్టించిన అక్షరం వచ్చిందని ఆమెకి తెలిసింది, ళ బదులు ల రాసింది. అది చెవి, రాత సమస్య. ఐదో దానిలోని "ఇల్లులు" కూడా ఆ కుటుంబమే, ళ వినిపించకే "లు" తగిలించింది. ఆ రెండిటికీ చెవి ఆట ఇంకో వారం ఆడించాను.

"కాకు", "రాళ్" వేరు. కాకులు లోంచి "లు" తీసేస్తే కాకు, రాళ్లు లోంచి తీసేస్తే రాళ్. కాకి అన్న మాట ఆమెకి రాక కాదు, రోజూ అంటుంది. కాగితం మీద మాత్రం లెక్కలో తీసివేతలా చేసింది. తిరగేసిన ఖాళీలు పెట్టేది ఇది పట్టుకోవడానికే. ఏడులో "గుడ్", రెండోదాన్ని తిరగేసి అడిగితే "గుర్రా", ఇవన్నీ ఆ తీసివేత గుర్తులే. ముందువైపు ఖాళీల్లో కాకులు, రాళ్లు సరిగ్గా రాసిన పిల్ల కూడా ఇక్కడ దొరికిపోతుంది. ఆమెకి వ్యాకరణం ఏమీ చెప్పలేదు. ఆటని తిరగేశాను. మూడున్న కార్డు ముందు తిప్పి "మూడు రాళ్లు ఉన్నాయి" అని, తర్వాత "ఒక రాయి ఉంది" అనాలి. చేతిలో నిజంగా ఒక రాయి పెట్టి అడిగాను. మూడు రోజుల తర్వాత వేరే మాటలతో, అంటే గోళ్లు, తాళ్లు, పిల్లులు ఇచ్చి, కొత్త పేజీ రాయిస్తే "గోరు", "తాడు", "పిల్లి" వచ్చాయి. ఆడని మాట "గోరు" కూడా సరిగ్గా వచ్చింది, నాకు అది ముఖ్యం. ఆడిన మాటలే సరిగ్గా వస్తే అది బట్టీ కావచ్చు.

ఈ తిరగేసిన దిక్కులోనే ఇంకో సంగతి ఉంది. కళ్లు, కాళ్లు, పళ్లు, చేతులు, ఇవి పిల్లలకి బహువచనంగానే ముందు వస్తాయి, ఎందుకంటే ఇంట్లో మనం "కాళ్లు కడుక్కో", "పళ్లు తోముకో" అంటాం. "ఒక కాళ్లు నొప్పి" అనే పిల్లలు ఉంటారు. మీ పాప అలా అంటే కంగారు పడకండి, ఆ మాటల్ని ఆటలో ఎప్పుడూ ఎక్కువున్న వైపు నుంచి, అంటే బహువచనం ముందు చెప్పి, మొదలుపెట్టండి. చెయ్యి, చేతులు మాత్రం ఏ గంపలోనూ ఇమడదు, దాన్ని విడిగా వినిపించడమే.

ఇంగ్లీష్ మీడియం పిల్లలు "పెన్సిల్స్‌లు", "షూస్‌లు", "చిప్స్‌లు" అనడం మీరు వినే ఉంటారు. అక్కడ ఇంగ్లీషు ఎస్ అప్పటికే ఉందని పిల్లకి తెలియదు, "షూస్" అన్నదే వస్తువు పేరు అనుకుంటుంది. ఈ మాటలు కార్డుల్లో పెట్టవద్దు. బస్సు బస్సులు, కారు కార్లు, టికెట్టు టికెట్లు లాంటివి మాత్రం పెట్టవచ్చు, అవి తెలుగు మాటల్లాగే నడుస్తాయి. కారు కార్లు అయినట్టే ఊరు ఊర్లు అని పాప అంటే తప్పు పట్టకండి, ఊళ్లు, ఊర్లు రెండూ వాడుకలో ఉన్నవే. ళ్లు అని రాసినా, ళ్ళు అని రాసినా కూడా తప్పు కాదు. బడి పుస్తకంలో ఏది ఉంటే పేజీలో అదే రాయండి, లేకపోతే పాప రెండు రూపాలు చూసి ఏది తప్పో అని భయపడుతుంది.

మొదటి పేజీలో తప్పిన ఖాళీలు ఒకటి రెండే అయి, అవి ఐదు, ఆరులోనే ఉంటే, మొత్తం ఆట మళ్లీ ఆడించనక్కర్లేదు. ఇల్లు, కోడి, ముల్లు, రాయి, ఈ నాలుగు జతలకి తెలిసినవి రెండు కలిపి వారంలో రెండుసార్లు ఆడండి. క్రియ తప్పితే మాత్రం, అంటే ఖాళీ సరిగ్గా నింపి చదివేటప్పుడు "చెట్లు ఉంది" అంటే, దారి మార్చాలి. అప్పుడు జతల ఆట ఆపి, కార్డులన్నీ వెల్లకిలా పరిచి, మీరు "ఉన్నాయి" అనగానే పాప మూడున్న కార్డు ఏదో ఒకటి, "ఉంది" అనగానే ఒకటున్న కార్డు ఏదో ఒకటి తీయాలి. తీసిన కార్డుకి పూర్తి వాక్యం తనే చెప్పాలి. రెండు రోజులు ఇది ఆడి, మళ్లీ జతల ఆటకి రండి.